స్టూడియో కంప్యూటర్‌కు 75,000 రూపాయలు: విడిభాగాలా, బ్రాండెడ్ డెస్క్‌టాపా?

2024 జూన్ 8, శనివారం

ఖమ్మంలో మా బావగారికి ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌ల డిజైన్, వీడియో ఎడిటింగ్ అంతా అక్కడే జరుగుతుంది. ఇప్పుడున్న పాత కంప్యూటర్ 4కె వీడియో పెడితే ముక్కలు ముక్కలుగా ఆడిస్తోంది. మూఢమి వల్ల ముహూర్తాలు లేవు, మళ్లీ పెళ్లిళ్లు శ్రావణంలోనే. కొత్తది కొని, అలవాటు పడి, పాత ఫైళ్లు మార్చుకోవడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అక్క చెప్పిన పరిమితి 75,000 రూపాయలు. అంతకు మించితే వడ్డీకి తేవాలి, అది కుదరదు.

ఈ డబ్బుతో విడిభాగాలు కొని బిగించాలా, బ్రాండెడ్ డెస్క్‌టాప్ తేవాలా అన్నదే ప్రశ్న. ఏ ప్రాసెసర్, ఏ కార్డు అనే మాటలు తర్వాత. ముందు ఆయన పని లెక్క రాసుకున్నాను. ఆయన కెమెరా సెకనుకు 100 మెగాబిట్లతో రికార్డు చేస్తుంది. అంటే సెకనుకు 12.5 మెగాబైట్లు, గంటకు 45 జీబీ. ఒక పెళ్లికి రెండు కెమెరాలు నాలుగేసి గంటలు నడిస్తే 360 జీబీ. ఆల్బమ్ డెలివరీ అయ్యేదాకా ఒక్క క్లిప్పు కూడా తీసేయడానికి వీల్లేదు. సీజన్‌లో ఐదారు పెళ్లిళ్లు ఒకేసారి చేతిలో ఉంటాయి కాబట్టి, 2 టీబీ నిల్వ స్థలం ఊపిరాడనివ్వదు. కాబట్టి 4 టీబీ హార్డ్ డిస్క్ తప్పనిసరి ఖర్చుల్లో చేరింది. దీనికి రెండో కాపీ ఆయన దగ్గర ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఉంటుంది. ఒకే డిస్కులో ఉన్నదాన్ని భద్రంగా ఉన్నట్టు లెక్క వేయకూడదు.

జూన్ 11

బావగారికి స్నేహితులంతా ఒకే మాట చెబుతున్నారు: "ముందు గ్రాఫిక్స్ కార్డు కొను, మిగతావి ఏవైనా పరవాలేదు." ఆటలు ఆడే కుర్రాడికైతే అది సరైన సలహానే. ఈయన పనికి మాత్రం లెక్క వేరు.

ఆయన కెమెరా 10-బిట్ 4:2:2 పద్ధతిలో రికార్డు చేస్తుంది. పెళ్లికూతురి చీర ఎరుపు, పసుపు బట్టల రంగులు సరిదిద్దేటప్పుడు చెదరకుండా ఉండటానికి ఆయన ఏరికోరి పెట్టుకున్న సెట్టింగ్ అది. హెచ్‌ఈవీసీ పద్ధతిలో కుదించిన ఈ రకం వీడియోను విప్పి చూపించే సర్క్యూట్, 2024 జూన్ నాటికి మార్కెట్లో ఉన్న ఎన్విడియా కార్డుల్లో లేదు. పదకొండో తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో కలిసి వచ్చే చిన్న గ్రాఫిక్స్‌లో మాత్రం ఉంది. కాబట్టి 25,000 పోసి కార్డు కొన్నా, టైమ్‌లైన్ మీద క్లిప్పు సాఫీగా ఆడించే పని చేసేది ప్రాసెసర్‌లోని గ్రాఫిక్సే. రంగులు దిద్దడం, ఎఫెక్టులు వేయడం కార్డు ఉంటే వేగంగా అవుతాయి. కానీ అవి ఆయన పనిలో చిన్న భాగం.

అందుకని ఇంటెల్ ఐ5-12400 ప్రాసెసర్ అనుకున్నాను. ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లు. ఇక్కడ ఒక అక్షరం దగ్గర జాగ్రత్త పడాలి. చివర F ఉన్న 12400F రెండు వేలకు పైగా తక్కువకు వస్తుంది. దుకాణాల కొటేషన్లలో ఎక్కువగా కనిపించేదీ అదే. అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు. కార్డు విడిగా కొనేవాళ్లకు అది మంచి బేరం. మనకు మాత్రం కొనాలనుకున్న గుణమే పోతుంది.

మాటలతో సరిపెట్టుకోవడం ఇష్టం లేక, బావగారి కెమెరా కార్డులోంచి ఒక క్లిప్పు తెప్పించుకుని మా ఆఫీసులో 12400 ఉన్న కంప్యూటర్ మీద ఆడించి చూశాను. టాస్క్ మేనేజర్‌లో Performance పేజీ తెరిచి, GPU మీద నొక్కితే Video Decode అనే గ్రాఫ్ కనిపిస్తుంది. క్లిప్పు ఆడుతున్నప్పుడు ఆ గీత లేచి, CPU గీత కింద ఉంటే హార్డ్‌వేర్ పని చేస్తున్నట్టు. Video Decode సున్నా దగ్గరే ఉండి CPU నూటికి దగ్గరైతే భారమంతా ప్రాసెసర్ మోస్తున్నట్టు. హెచ్‌ఈవీసీ క్లిప్పుకు గీత చక్కగా లేచింది. అదే కెమెరా హెచ్.264లో తీసిన 4:2:2 క్లిప్పుకు లేవలేదు. ఆ రకానికి 12400లోనూ ఆ సర్క్యూట్ లేదు. బావగారికి ఫోను చేసి, కెమెరా మెనూలో హెచ్‌ఈవీసీకి మార్చుకోమని చెప్పాను. పైసా ఖర్చు లేకుండా సగం సమస్య అక్కడే తీరింది.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడు వద్దు. అవసరమైతే వచ్చే ఏడాది పెట్టుకోవచ్చు. కాబట్టి అది పట్టే చోటు, దానికి చాలే కరెంటు ఇప్పుడే ఉండాలి. నా బడ్జెట్ సూత్రం అక్కడే తేలింది. తర్వాత చేర్చుకోగలిగిన వాటి మీద ఇప్పుడు ఆదా చేయాలి. మార్చాలంటే మొత్తం విప్పాల్సిన వాటి మీద ఇప్పుడే పెట్టాలి.

జూన్ 15, శనివారం

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీకి వెళ్లి వచ్చాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒకే జాబితాకు రెండు దుకాణాల్లో కొటేషన్లు రాయించుకున్నాను. రెండింటిలోనూ పైకి కనిపించే మాటలు ఒకటే: ఐ5, 16 జీబీ ర్యామ్, 1 టీబీ ఎస్ఎస్‌డీ, కరెంటు అందించే 450 వాట్ల ఎస్ఎంపీఎస్. తేడా మాత్రం ఆరు వేలు.

చవక కొటేషన్ పట్టుకుని వివరాలు అడిగాను. 16 జీబీ అంటే ఒకే స్టిక్కు. రెండు స్టిక్కులు పెడితే మెమరీ రెండు దారుల్లో నడుస్తుంది, ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ ఆ మెమరీనే వాడుకుంటుంది కాబట్టి మనకు ఈ తేడా బాగా కనిపిస్తుంది. మదర్‌బోర్డు హెచ్610 రకం. అందులో ర్యామ్ స్లాట్లు రెండే. ఎస్ఎంపీఎస్ డబ్బా మీద 450 అని పెద్ద అక్షరాలతో ఉంది గానీ, సామర్థ్యాన్ని పరీక్షించి ఇచ్చే 80 ప్లస్ ముద్ర లేదు, ధర ఏడెనిమిది వందలు. పక్క లేబుల్ మీద 12 వోల్టుల వరుస చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఈ రోజుల్లో ప్రాసెసర్, కార్డు రెండూ కరెంటు తీసుకునేది ఆ వరుసలోంచే. అక్కడ రాసిన ఆంపియర్లను 12తో గుణిస్తే వచ్చే వాట్లే మనకు నిజంగా పనికొచ్చేవి. ఆ డబ్బా మీద 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు ఉంది. అంటే 192 వాట్లు. మిగతాది ఎవరూ పెద్దగా వాడని వరుసల్లో చూపించిన అంకె.

ఎస్ఎంపీఎస్ దగ్గర మిగిలే మూడు వేల కోసం మొత్తం యంత్రాన్ని పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఖమ్మంలో మే నెలలో ఏసీ లేని గదిలో, వోల్టేజీ ఎగుడుదిగుడుల మధ్య గంటల తరబడి రెండర్ నడుస్తుంది. నాసిరకం ఎస్ఎంపీఎస్ పోయేటప్పుడు ఒంటరిగా పోదు, బోర్డునో డిస్కునో వెంట తీసుకుపోతుంది. ఐదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్ ఎస్ఎంపీఎస్‌కు 4,300 చెప్పారు. అదే రాసుకున్నాను.

బోర్డు విషయంలో చాలాసేపు తూచాను. 12400కు హెచ్610 బోర్డు చాలదని కాదు, నడుస్తుంది. కానీ దానికి ఎం.2 ఎస్ఎస్‌డీ చోటు సాధారణంగా ఒకటే ఉంటుంది, చవక మోడళ్లలో ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం మీద వేడి తీసే లోహపు రేకు కూడా ఉండదు. బీ760 బోర్డు నాలుగు వేలు ఎక్కువ. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 చోట్లు, ఆ రేకు కూడా ఉన్న మోడల్ చూసి ఎంచుకున్నాను. బోర్డు మార్చడమంటే మొత్తం విప్పి మళ్లీ కట్టడమే కాబట్టి ఈ నాలుగు వేలు పెట్టడానికి నాకు సందేహం లేదు.

ఆదా ఎక్కడ చేశానంటే, రంగుల లైట్ల క్యాబినెట్ వద్దన్నాను. ముందువైపు గాలి ఆడే జాలీ, రెండు ఫ్యాన్లు ఉన్నది 3,300కే దొరికింది. ప్రాసెసర్ డబ్బాలో వచ్చే కూలరే చాలు. కాస్త చప్పుడు చేస్తుంది, అంతే. అన్నిటికంటే వేగవంతమైన ఎస్ఎస్‌డీ కూడా అక్కర్లేదు. సెకనుకు 12.5 మెగాబైట్ల వీడియోకు మామూలు ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ వేగమే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒక దుకాణంలో బిల్లు లేకుండా తీసుకుంటే తగ్గిస్తామన్నారు. వద్దని చెప్పాను. కంప్యూటర్ భాగాల మీద జీఎస్టీ 18 శాతం. ఆ మేరకు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, సీరియల్ నంబర్లు రాసిన బిల్లు లేకపోతే మూడేళ్ల వారంటీ కాగితానికే పరిమితం. పైగా బావగారి స్టూడియోకు జీఎస్టీ నమోదు ఉంది. ఆయన నంబరుతో బిల్లు తీసుకుంటే కట్టిన పన్నును తన పన్నులో సర్దుబాటు చేసుకోవచ్చు. ఇంకో దుకాణం ప్రాసెసర్‌ను డబ్బా లేకుండా, ట్రేలోది ఇస్తామంది. దానికి అమ్మినవాడి వారంటీ తప్ప తయారీదారుడి మూడేళ్ల వారంటీ రాదు. సీలు ఉన్న డబ్బానే అడిగాను.

జూన్ 17

ఈ రోజు బ్రాండెడ్ వైపు లెక్క వేశాను. బావగారి మనసు కొంచెం అటే ఉంది. "చెడిపోతే వాళ్లే వచ్చి బాగు చేస్తారు కదా" అన్నారు. ఆ మాటలో చాలా నిజం ఉంది, తీసి పారేయలేను.

ముందు విడిభాగాల మొత్తం: ప్రాసెసర్ 14,200, బోర్డు 10,300, పదహారేసి జీబీల రెండు ర్యామ్ స్టిక్కులు 6,200, ఎస్ఎస్‌డీ 1 టీబీ 5,600, హార్డ్ డిస్క్ 4 టీబీ 8,900, ఎస్ఎంపీఎస్ 4,300, క్యాబినెట్ 3,300. కలిపితే 52,800. చాలామంది ఇక్కడే ఆపి, "బ్రాండెడ్ కంటే ఎంత చవకో చూడండి" అంటారు. విండోస్ లైసెన్సు 9,500 కలపకుండా పోల్చడం న్యాయం కాదు. వెయ్యి రూపాయలకు దొరికే కీలు ఎక్కడివో అమ్మేవాళ్లు కూడా చెప్పలేరు. ఎప్పుడో ఒక రోజు అవి చెల్లకుండా పోతే, పని మధ్యలో ఆగేది బావగారిది. విండోస్‌తో 62,300. రంగులు నమ్మకంగా చూపించే 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్ 10,700. ఇది ఆదా చేయకూడని చోటు, ఎందుకంటే తెర మీద చూసిన రంగే ఆల్బమ్ ప్రింటులో రావాలి. మొత్తం 73,000. కొత్త యూపీఎస్‌కు బదులు పాత 600 వీఏ యూపీఎస్‌లో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ మార్చితే వెయ్యి. కీబోర్డు, మౌస్ పాతవే. 74,000 దగ్గర ఆగింది.

ఇప్పుడు బ్రాండెడ్. అదే ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్, కీబోర్డు, మౌస్, ఏడాది ఆన్‌సైట్ వారంటీ: 49,500. దీన్ని బావగారి పనికి తగ్గట్టు చేయాలంటే ర్యామ్ 6,200, హార్డ్ డిస్క్ 8,900, అదే మానిటర్ 10,700, బ్యాటరీ వెయ్యి. మొత్తం 76,300. మూడేళ్ల ఆన్‌సైట్ వారంటీకి ఇంకో 4,000 పెడితే 80,300. ఎస్ఎస్‌డీ అప్పటికీ సగమే.

అంటే లైసెన్సు నిజాయితీగా కలిపితే, మనం ఊహించుకునే పాతికవేల ఆదా ఎక్కడా లేదు. వారంటీ పొడిగింపు లేకుండా చూస్తే తేడా 2,300 మాత్రమే. కాబట్టి నిర్ణయం ధర మీద జరగకూడదు. పెట్టె లోపల ఏముందో చూసి జరగాలి.

జూన్ 19

మా ఆఫీసులో అలాంటి బ్రాండెడ్ టవర్ ఒకటి ఉంటే, అనుమతి తీసుకుని పక్క తలుపు తీసి చూశాను. ఎస్ఎంపీఎస్ మీద 180 వాట్లు అని ఉంది. సైజు మామూలు ఏటీఎక్స్ సైజు కాదు, స్క్రూల చోట్లు కూడా వేరు. బోర్డుకు వెళ్లే తీగ 24 పిన్నుల మామూలు కనెక్టర్ కాదు, ఆ కంపెనీ సొంత చిన్న కనెక్టర్. గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే తీగ అసలే లేదు. హార్డ్ డిస్క్‌కు చోటు ఒకటి ఉంది, దానికి కరెంటు తీగ బోర్డులోంచే వస్తుంది. ర్యామ్ స్లాట్లు రెండు. ఒకదాంట్లో 8 జీబీ స్టిక్కు ఉంది కాబట్టి పదహారేసి రెండు పెట్టాలంటే అది తీసి పక్కన పెట్టాల్సిందే.

వారంటీ అయిపోయాక ఆ ఎస్ఎంపీఎస్ పోతే ఖమ్మంలో ఏ దుకాణంలోనూ దానికి బదులు దొరకదు, ఆ కంపెనీ నుంచే తెప్పించాలి. అదే మామూలు ఏటీఎక్స్ ఎస్ఎంపీఎస్ అయితే వైరా రోడ్డు మీద ఏ కంప్యూటర్ షాపులోనైనా అదే రోజు దొరుకుతుంది. గ్రాఫిక్స్ కార్డు ముచ్చట కూడా అక్కడితో తెగిపోతుంది.

విడిభాగాల వైపు లోపం కూడా రాసుకోవాలి. ప్రతి భాగానికి వేరే కంపెనీ, వేరే సర్వీస్ సెంటర్, ఎక్కువగా హైదరాబాద్‌లో. బోర్డు పోతే ఎవరూ ఇంటికి రారు. విప్పి, ప్యాక్ చేసి పంపాలి, వారం పది రోజులు పట్టవచ్చు. ముహూర్తాల రోజుల్లో అది పెద్ద దెబ్బ. దీనికి బావగారితో కూర్చుని ఒక ఏర్పాటు ఆలోచించాం. పాత కంప్యూటర్ అమ్మకూడదు. ఆల్బమ్ డిజైన్‌కు అది ఇప్పటికీ సరిపోతుంది, కాబట్టి స్టూడియో మూలన సిద్ధంగా ఉంటుంది. నేను హైదరాబాద్‌లోనే ఉంటాను కాబట్టి సర్వీస్ సెంటర్ తిరుగుడు నాది. ఈ రెండూ లేని ఇంటికైతే బ్రాండెడే మంచిదని చెప్పేవాణ్ణి.

"అయితే బిగించేయ్, కానీ శ్రావణంలో ఫోను చేస్తే ఎత్తాలి" అన్నారు బావగారు.

జూన్ 22

ఈ లోగా స్టూడియో పక్కనున్న ఎరువుల దుకాణం ఆయన, తన లెక్కల కంప్యూటర్‌కూ ఇదే పద్ధతి చేయమని అడిగారట. ట్యాలీ, బిల్లులు, మెయిల్ తప్ప ఆయనకు వేరే పని లేదు. లెక్క వేశాను: ఐ3-12100 ప్రాసెసర్ 9,500, హెచ్610 బోర్డు 6,200, 8 జీబీ ర్యామ్ 1,800, 512 జీబీ ఎస్ఎస్‌డీ 3,300, మంచి చిన్న ఎస్ఎంపీఎస్ 2,500, క్యాబినెట్ 2,200, విండోస్ 9,500, కీబోర్డు మౌస్ 900. మొత్తం 35,900. ఇంచుమించు అలాంటిదే బ్రాండెడ్ 36,000కు వస్తోంది, ఏడాది ఆన్‌సైట్ వారంటీతో. ఆయన అందులో గ్రాఫిక్స్ కార్డు ఎప్పటికీ పెట్టరు. 180 వాట్లు ఆయనకు ఎక్కువే. బ్రాండెడ్ తీసుకోమని, మిగిలిన ఓపికతో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోమని చెప్పాను.

జూన్ 29

ఖమ్మంలో బిగించాం. స్టూడియో ప్లగ్గులో ఎర్తింగ్ సరిగా లేదు. పాత కంప్యూటర్ క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి చిమచిమలాడేదట, ఎవరూ పట్టించుకోలేదు. మిగిలిన వెయ్యి రూపాయలు ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చి ముందు అది సరిచేయించాం. ర్యామ్ స్టిక్కులను బోర్డు పుస్తకంలో చెప్పినట్టు ప్రాసెసర్ నుంచి రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాను. విండోస్ వేశాక టాస్క్ మేనేజర్‌లో Memory పేజీలో Slots used: 2 of 4 అని, వేగం 3200 అని వచ్చింది.

మధ్యాహ్నం గంటసేపు రెండర్ పెట్టి HWiNFOలో వేడి చూస్తూ కూర్చున్నాం. ప్రాసెసర్ 80 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే నిలకడగా ఉంది. పరిమితికి ఇంకా దూరమే. రెండర్ నడుస్తుండగానే గోడ ప్లగ్గు స్విచ్ కట్టేశాను. యూపీఎస్ మీద కంప్యూటర్ ఆగలేదు. ఫైలు సేవ్ చేసుకుని మూసేయడానికి కావలసినంత సేపు దొరికింది. కొన్ని చవక యూపీఎస్‌లు కొత్త రకం ఎస్ఎంపీఎస్‌లతో పొసగక, కరెంటు పోగానే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేస్తాయి. అది కొన్న రోజే తేల్చుకోవాలి.

2025 డిసెంబరు

వరంగల్‌లో బావగారి స్నేహితుడు అదే జాబితా తనకూ కావాలన్నారు. పాత కాగితం అలాగే పంపితే సరిపోదు. ఏఐ డేటా సెంటర్లకు మెమరీ చిప్పులు తరలిపోవడంతో, ఈ ఏడాది చివర ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. 6,200 పెట్టిన ఆ రెండు స్టిక్కుల ధర ఇప్పుడు రెండింతలు దాటింది. ఎస్ఎస్‌డీలూ అదే దారిలో ఉన్నాయి. దుకాణంలో కొటేషన్ ఆ ఒక్క రోజుకే అంటున్నారు. మరోపక్క, పాత స్టాకుగా మిగిలిన కొన్ని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లు ఇంకా పాత ధరకే కనిపిస్తున్నాయి. వాటిలో ర్యామ్ ధర కలిసే ఉంది కాబట్టి, 16 జీబీతో వచ్చేది దొరికితే ఈసారి తూకం అటే మొగ్గవచ్చు.

ఆయనకు చెప్పింది ఇదీ: ఎస్ఎంపీఎస్, బోర్డు, మానిటర్ వరుసల్లో మార్పు లేదు. ర్యామ్ ఇప్పటికి ఎనిమిదేసి జీబీలు రెండు, నాలుగు స్లాట్ల బోర్డులో మిగతా రెండు ఖాళీ. ఎస్ఎస్‌డీ 512 జీబీ, రెండో ఎం.2 చోటు ఖాళీ. ధరలు దిగాక నింపుకోవచ్చు. బ్రాండెడ్ వైపు వెళ్తే మాత్రం డబ్బు కట్టే ముందు దుకాణంలో పక్క తలుపు తీయించి, ఎస్ఎంపీఎస్ మీద వాట్లు, ర్యామ్ స్లాట్లు చూసి ఫొటో తీసి నాకు పంపమన్నాను. శనివారం వెళ్తున్నారు.